ఇంటింటి చెత్త సేకరణ టెండరు: మిర్యాలగూడ పట్టణం, రెండో ప్యాకేజీ

1. పని ఏమిటి

మిర్యాలగూడ పట్టణంలోని రెండో ప్యాకేజీ కింద 11 వార్డులు, 7,200 ఇళ్లు ఉన్నాయి. అపార్టుమెంటులో ప్రతి ఫ్లాటూ ఒక ఇల్లే. ఈ ఇళ్లన్నింటి నుంచి ప్రతిరోజూ తడి చెత్త, పొడి చెత్త, హానికర చెత్త వేర్వేరుగా తీసుకుని, తడి చెత్తను కంపోస్టు యార్డుకు, మిగతా రెండింటిని పొడి చెత్త కేంద్రానికి చేర్చడమే ఈ పని. డైపర్లు, ప్యాడ్లు, పాత మందులు, బల్బులు, బ్యాటరీలు హానికర చెత్త డబ్బాలోకి వస్తాయి. అమలులో ఉన్న ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, వాటి స్థానంలో తరువాత వచ్చే నియమాలు రెండు పక్షాలకూ వర్తిస్తాయి.

రైస్ మిల్లుల ఊక బూడిద, ఇల్లు కూల్చిన మట్టి, ఆసుపత్రుల వ్యర్థాలు ఈ పనిలోకి రావు. వాటిని ఆటోలో ఎక్కించుకోకూడదు. ఈ మాట ఇక్కడే స్పష్టంగా చెబుతున్నాం.

కాలం 3 ఏళ్లు. మొదటి 60 రోజులు సర్దుకునే గడువు. ఆ రోజుల్లో కొలతలన్నీ తీస్తాం, బిల్లు కవరేజీ ప్రకారమే ఇస్తాం, ఇతర పెనాల్టీలు వేయం.

2. డబ్బు దేనికి ఇస్తాం

ఏజెన్సీ ఒకే ఒక రేటు కోట్ చేయాలి: నెలకు, ఇంటికి ఎన్ని రూపాయలు. మున్సిపాలిటీ అంచనా రేటు రూ.165. ఆ లెక్కన నెలకు రూ.11,88,000, ఏడాదికి రూ.1,42,56,000.

టన్నులకు డబ్బు ఇవ్వం. బరువుకు డబ్బు ఇస్తే మట్టి, రాళ్లు, డ్రైన్ సిల్టు, నీళ్లు అన్నీ ధర్మకాంటా ఎక్కుతాయి. ఇంటి ముందు చెత్త మాత్రం అక్కడే ఉండిపోతుంది. మాకు కావలసింది ఇంటి ముందుకు బండి రావడం. అందుకే దానికే వెల కడుతున్నాం. తూకం తీస్తాం కానీ అది రికార్డు కోసమే, బిల్లు కోసం కాదు.

3. బండ్లు, మనుషులు

12 ఆటోలు పనిలో, 2 స్పేరులో ఉండాలి. ప్రతి ఆటోకు ఒక డ్రైవరు, ఇద్దరు కార్మికులు. సెలవుల్లో ఉన్నవారి బదులు 5 మంది. మొత్తం 41 మంది. ఆటో దూరలేని ఇరుకు గల్లీలకు 4 తోపుడు బండ్లు. ఆటోలో ఆకుపచ్చ, నీలం అరలు, విడిగా మూత ఉన్న ఎర్ర డబ్బా ఉండాలి. అరల మధ్య రేకు ఉండాలి, తాడు కట్టిన గోనెసంచి చెల్లదు.

ఈ సంఖ్య ఎలా వచ్చిందో బిడ్డర్లు తెలుసుకోవడం మంచిది. ఒక ఆటోకు రోజుకు 600 ఇళ్లు. ఉదయం 5.30 నుంచి మధ్యాహ్నం 12.30 వరకు 7 గంటలు. రెండు ట్రిప్పులు యార్డుకు పోయి రావడానికి గంట తీసేస్తే 360 నిమిషాలు మిగులుతాయి. అంటే ఇంటికి 36 సెకన్లు. ఇద్దరు కార్మికులు రోడ్డుకు చెరో వైపు తీసుకుంటే ఒక్కొక్కరికి ఇంటికి 72 సెకన్లు దొరుకుతాయి. వృద్ధురాలు బకెట్ పట్టుకుని మెట్లు దిగి వచ్చేదాకా ఆగడానికి ఆ సమయం సరిపోతుంది. 9 ఆటోలతో నడిపిస్తామని చెప్పి తక్కువ రేటు వేసేవారు ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి. ఆటోలు తగ్గితే బండి ఆగదు, హారన్ కొట్టుకుంటూ పోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో పని ఉదయం 5 గంటలకు మొదలై 12 గంటలకు ముగియాలి. ఎండాకాలంలో కార్మికులకు చల్లటి తాగునీరు, టోపీ, ప్రతి ట్రిప్పుకూ 15 నిమిషాల నీడ ఇవ్వడం ఏజెన్సీ బాధ్యత.

4. కవరేజీ: ఎలా కొలుస్తాం

ప్రతి ఇంటి గోడకు క్యూఆర్ కోడ్ ఉంటుంది. కార్మికుడు చెత్త తీసుకోగానే స్కాన్ చేస్తాడు. ఆటోకు జీపీఎస్ ఉంటుంది. స్కాన్ జరిగిన చోటు ఆ ఇంటికి 20 మీటర్ల లోపు ఉంటేనే దాన్ని లెక్కిస్తాం. అపార్టుమెంటు సెల్లారులో ఒకే కోడ్ ఉంటుంది, ఫ్లాట్ల సంఖ్య దానికే ముడిపెడతాం. సెల్లారు మినహా, 5 నిమిషాల్లో ఒకే ఆటో నుంచి 25 కన్నా ఎక్కువ స్కాన్లు వస్తే ఆ స్కాన్లన్నీ రద్దు. కోడ్‌లను ఫొటో తీసి ఒక్కచోట కూర్చుని స్కాన్ చేయడం ఎక్కడైనా జరగవచ్చు. అలా చేసినట్టు రుజువైతే ఆ ఆటోకు ఆ రోజు మొత్తం సున్నా, దాని పైన రూ.5,000.

స్కాన్ ఒక్కటే నమ్మం. ప్రతి నెలా లాటరీ తీసి 360 ఇళ్లను ఎంచుకుంటాం. మెప్మా రిసోర్స్ పర్సన్, వేరే వార్డుకు చెందిన శానిటరీ జవాన్ కలిసి వెళ్లి ఒకే ప్రశ్న అడుగుతారు: గడిచిన 7 రోజుల్లో బండి ఎన్ని రోజులు మీ ఇంటి ముందు ఆగింది? ఇంటివాళ్లు చెప్పింది అక్కడే ఫారంలో రాసి సంతకం తీసుకుంటారు. ఈ సర్వే శాతం, స్కాన్ శాతం కన్నా 5 పాయింట్లకు మించి తక్కువ వస్తే సర్వే శాతమే బిల్లుకు ఆధారం.

నెల బిల్లు ఇలా ఉంటుంది:

```
కవరేజీ = ధ్రువీకరించిన ఇంటి-రోజులు ÷ (7,200 × నెలలో రోజులు)
95% పైన   : పూర్తి రేటు
90% - 95% : రేటు × కవరేజీ
90% లోపు  : రేటు × కవరేజీ × 0.95
చెల్లింపు = 7,200 × పై ఫలితం − పెనాల్టీలు
```

ఉదాహరణకు రేటు రూ.165, నెల కవరేజీ 93 శాతం అనుకుందాం. 11,88,000లో 93 శాతం రూ.11,04,840. 5, 6 భాగాల్లో చెప్పిన పెనాల్టీల ప్రకారం ఆ నెలలో కలిసిన లోడ్లు 9 (రూ.9,000), ఆటోలు ఆలస్యంగా కదిలింది 14 సార్లు (రూ.4,200), గడువు దాటిన ఫిర్యాదులు 11 (రూ.2,200). పెనాల్టీ రూ.15,400. చెల్లింపు రూ.10,89,440. ప్రతి బిల్లుకూ ఈ లెక్క కాగితం జత చేస్తాం, ఏజెన్సీ సంతకం తీసుకుంటాం.

5. వేరుచేయడం

యార్డు గేటు దగ్గర ప్రతి ఆటో తడి చెత్త నుంచి వారంలో రెండు సార్లు, ముందు చెప్పకుండా, 20 కిలోలు తీసి టార్పాలిన్ మీద పరుస్తాం. ప్లాస్టిక్, గాజు, బట్ట లాంటివి ఏరి తూచితే 2 కిలోలకు మించి వస్తే అది కలిసిన లోడ్. లోడ్‌కు రూ.1,000. ఫొటోలో తూకం అంకె, ఆటో నంబరు రెండూ కనబడాలి. కనబడకపోతే పెనాల్టీ చెల్లదు.

వేరుచేయని ఇంటి తప్పును కార్మికుడి మీద వేయం. అలాంటి ఇంటి నుంచి చెత్త విడిగా సంచిలో తీసుకుని, స్కాన్‌లో ‘కలిపి ఇచ్చారు’ అని నొక్కాలి. ఆ సంచి పరీక్షకు లెక్కకు రాదు. ఒకే ఇంటి మీద నెలలో మూడుసార్లు అలా నమోదైతే జవాన్ వెళ్లి మాట్లాడతాడు. ఆ పని మున్సిపాలిటీది.

6. మిగతా పెనాల్టీలు

ఆటో గంటకు మించి ఆలస్యంగా మొదలైతే ఒక్కోసారికి రూ.300. ఇంటివాళ్ల ఫిర్యాదు 24 గంటల్లో తీరకపోతే రూ.200, 48 గంటలు దాటితే మరో రూ.500. చెత్తను ఖాళీ స్థలంలో, కాలువ కట్ట మీద, మోరీలో పారబోస్తే లేదా కాలిస్తే రూ.10,000; రెండోసారి జరిగితే ఒప్పందం రద్దుకు నోటీసు. గ్లవ్స్, బూట్లు లేకుండా కార్మికుడిని పనిలో పెడితే రూ.500.

ఒక నెల పెనాల్టీలన్నీ కలిపి బిల్లులో 10 శాతం దాటవు. కానీ వరుసగా 2 నెలలు 10 శాతానికి చేరితే షోకాజ్ నోటీసు, 3 నెలలైతే ఒప్పందం రద్దు, సెక్యూరిటీ డిపాజిట్ జప్తు. పైన చెప్పిన పారబోత, నకిలీ స్కాన్ పెనాల్టీలకు ఈ పరిమితి వర్తించదు.

7. కార్మికుల జీతం

పెనాల్టీలో ఒక్క రూపాయి కూడా కార్మికుల జీతం నుంచి కోయకూడదు. తెల్లవారుజామున 4.30కి లేచి వచ్చే మనిషి, కాంట్రాక్టరు చేసిన తప్పుకు పస్తు ఉండకూడదు. ఈ నిబంధన మీద ఏ సవరణా అంగీకరించం. ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం ప్రతి నెల 7వ తేదీ లోపు బ్యాంకు ఖాతాలో పడాలి. ఆ బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు జత చేస్తేనే బిల్లు తీసుకుంటాం. 7వ తేదీ దాటితే రోజుకు, ఒక్కో కార్మికుడికి రూ.50 చొప్పున ఏజెన్సీ నేరుగా ఆ కార్మికుడికే చెల్లించాలి.

కవరేజీ 98 శాతం దాటి, కలిసిన లోడ్లు 3 లోపు ఉన్న నెలలో బిల్లు మీద 1 శాతం ప్రోత్సాహకం. అందులో సగం కార్మికులకు సమానంగా పంచాలి.

8. మున్సిపాలిటీ బాధ్యత

పెనాల్టీలు ఒక్క వైపే ఉంటే ఒప్పందం నిలవదు. సరైన బిల్లు ఇచ్చిన 30 రోజుల్లో డబ్బు చెల్లిస్తాం. దాటితే నెలకు 0.75 శాతం వడ్డీ ఇస్తాం. యార్డులో అన్‌లోడింగ్ కోసం 30 నిమిషాలకు మించి ఆగాల్సి వస్తే, రోడ్డు తవ్వి ఉంటే, బంద్ వల్ల లేదా వాన నీరు నిలిచి బండి కదలకపోతే ఆ ఇళ్లను లెక్క నుంచి తీసేస్తాం. అయితే ఏజెన్సీ ఆ రోజే ఫొటోతో తెలియజేయాలి.

ప్రతిరోజూ లెక్క మరుసటి ఉదయం 10 గంటలకు ఏజెన్సీకి కనిపిస్తుంది. అభ్యంతరం 3 రోజుల్లో చెప్పాలి, కమిషనర్ 7 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ పెనాల్టీ రద్దయినట్టే.

బతుకమ్మ 9 రోజుల్లో నిమజ్జనం జరిగే చోట పూలు, ఆకులు వేరుగా తీసుకోవాలి. తంగేడు, గునుగు తడి చెత్తలోకే వస్తాయి కానీ ప్లాస్టిక్ కవర్లు, అగరుబత్తి ప్యాకెట్లు విడదీయాలి. ఆ రాత్రులకు ఆటోకు రూ.2,200 అదనంగా ఇస్తాం.

9. ఎవరు బిడ్ వేయవచ్చు

గత 5 ఏళ్లలో కనీసం 3,000 ఇళ్ల నుంచి 2 ఏళ్లు చెత్త సేకరించిన అనుభవం ఉండాలి. బిడ్లు tender.telangana.gov.in లో మాత్రమే వేయాలి. నోటీసు వెలువడిన రోజు నుంచి 21 రోజుల్లో, చివరి రోజు సాయంత్రం 4 గంటల లోపు. సాంకేతిక బిడ్, ధర బిడ్ వేర్వేరు కవర్లలో. ఈఎండీ రూ.1,42,560. ఎంపికైనవారు ఏడాది విలువలో 5 శాతం, అంటే అంచనా రేటు మీద రూ.7,12,800 సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి.

అంచనా రేటు కన్నా 15 శాతానికి మించి తక్కువ వేసినవారు, అంటే రూ.140.25 లోపు వేసినవారు, 41 మంది జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, డీజిల్, మరమ్మతులు, ఆటోల ఖర్చు విడివిడిగా రాసిన పట్టిక ఇవ్వాలి. జీతాలకు కేటాయించింది కనీస వేతనానికి తగ్గినా, పట్టిక ఇవ్వకపోయినా ఎంత తక్కువ రేటయినా ఆ బిడ్ తిరస్కరిస్తాం. ఒప్పందం కుదిరిన 30 రోజుల్లో ఆటోలు 11 వార్డుల్లోకి రావాలి. ఒక్కో రోజు ఆలస్యానికి రూ.5,000.