వైద్య ధ్రువపత్రం ఆధారంగా సెలవు కోసం దరఖాస్తు

తేదీ: 9 నవంబరు 2025

గౌరవనీయులైన
మానవ వనరుల విభాగం మేనేజర్ గారికి,

ద్వారా: అకౌంట్స్ విభాగాధిపతి గారు

విషయం: 10-11-2025 నుంచి 21-11-2025 వరకు వైద్య సెలవు మంజూరు చేయవలసిందిగా మనవి.

అయ్యా,

మన సంస్థ అకౌంట్స్ విభాగంలో సీనియర్ అకౌంటెంట్‌గా పనిచేస్తున్న నేను అనారోగ్యం కారణంగా నిన్న, అంటే నవంబరు 8 శనివారం నాడు, డాక్టరు గారిని సంప్రదించాను. వారు నన్ను పరీక్షించి, నవంబరు 10 సోమవారం నుంచి నవంబరు 21 శుక్రవారం వరకు, ఆ రెండు రోజులను కలుపుకొని, విధులకు దూరంగా ఉండి విశ్రాంతి తీసుకోవాలని సూచిస్తూ అదే రోజు ధ్రువపత్రం ఇచ్చారు. ఆ కాలానికి నాకు వైద్య సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఈ వ్యవధి మొత్తం పన్నెండు రోజులు. ఇందులో నవంబరు 15, 16 తేదీలు శని, ఆదివారాలు కావడం వల్ల పనిదినాలు పది. మధ్యలో వచ్చే సెలవు రోజులను కూడా వైద్య సెలవులో కలిపి లెక్కించడమే మన నిబంధన అయితే పన్నెండు రోజులుగానూ, కాకపోతే పది రోజులుగానూ నా ఖాతాలో నమోదు చేయగలరు. ఎలా లెక్కించినా సరిపోయేంత వైద్య సెలవు నా ఖాతాలో నిల్వ ఉన్నట్టు అక్టోబరు నెల జీతం చీటీలో కనిపిస్తోంది. ఒకవేళ తగ్గితే, ఆ మేరకు నా ఆర్జిత సెలవు నుంచి సర్దుబాటు చేయడానికి నాకు అభ్యంతరం లేదు.

నవంబరు 7 శుక్రవారం మధ్యాహ్నం నేను విభాగాధిపతి గారి అనుమతి తీసుకుని ముందుగా ఇంటికి వెళ్లాను. డాక్టరు గారి ధ్రువపత్రం ఆ రోజుకు వర్తించదు కనుక దాన్ని ఈ దరఖాస్తులో చేర్చలేదు. ఆ పూటను అరరోజు సాధారణ సెలవుగా పరిగణించగలరు.

ప్రస్తుతం కార్యాలయానికి వచ్చి పత్రాలు అందజేయగల స్థితిలో లేను. అందువల్ల ధ్రువపత్రాన్ని ఫోనుతో ఫోటో తీసి జతపరుస్తున్నాను. మొదటి ఫోటోలో కాగితం నాలుగు అంచులతో సహా పూర్తిగా కనిపిస్తుంది. డాక్టరు గారి రిజిస్ట్రేషన్ సంఖ్య, సంతకం, ముద్ర, ధ్రువపత్రం ఇచ్చిన తేదీ, నా పేరు అందులో చదవడానికి వీలుగానే ఉన్నాయి. అయితే విశ్రాంతి ముగిసే తేదీ చేత్తో రాసినది కావడం, దాని చివరి అంకె మీద ముద్ర తాలూకు సిరా పడడం వల్ల, ఫోటోలో 21 అన్నది 27 లాగా కనబడే అవకాశం ఉంది. అందుకే ఆ వరుసను మాత్రమే దగ్గర నుంచి మరో ఫోటో తీసి పంపుతున్నాను. అందులో 21 అని స్పష్టంగా తెలుస్తుంది. ఇంత చిన్న విషయానికి ఇంత వివరణ ఎందుకని అనిపించవచ్చు గానీ, ఆ ఒక్క అంకెతో సెలవు మరో ఆరు రోజులు పెరిగిపోతుంది. రోజూ అంకెలతోనే పనిచేసేదాన్ని కనుక, లెక్క తేలకముందే ఈ సందేహం తీర్చడం మంచిదనుకున్నాను. నేను కోరుతున్నది 21వ తేదీ వరకే.

మొదటి ఫోటోలో ఒక వరుస మీద తెల్ల కాగితపు పట్టీ కనిపిస్తుంది. అక్కడ వ్యాధి నిర్ధారణ వివరం ఉంది. ఫోటో తీసే ముందు ఆ వరుసను నేనే కప్పాను. తీసిన తర్వాత ఫోటోలో ఎలాంటి మార్పూ చేయలేదు. సెలవు మంజూరుకు అవసరమైనవి డాక్టరు గారి సిఫారసు, తేదీలు, వారి గుర్తింపు వివరాలేనని, అవన్నీ పత్రంలో ఉన్నాయని భావించి, నా ఆరోగ్యానికి సంబంధించిన మిగతా విషయాలను ఈ దరఖాస్తులో ప్రస్తావించడం లేదు. ఇది తోటి ఉద్యోగులకు సోకే జబ్బు కాదని, పని స్థలంలో జరిగిన ప్రమాదం వల్ల కలిగినదీ కాదని మాత్రం మీకు తెలియజేయడం నా బాధ్యత. నిబంధనల ప్రకారం నిర్ధారణ వివరం తప్పనిసరి అయితే, సంస్థ నియమించిన వైద్యాధికారికి నేరుగా, సీలు వేసిన కవరులో అందజేయడానికి సిద్ధంగా ఉన్నాను.

జతపరచిన ఫోటోలు మీ కార్యాలయ రికార్డుకే పరిమితమయ్యేలా చూడవలసిందిగా ప్రత్యేకంగా కోరుతున్నాను. మా విభాగంలోని వారికి నేను ఏ తేదీ వరకు సెలవులో ఉంటానో, ఎప్పుడు తిరిగి వస్తానో తెలిస్తే సరిపోతుంది. ఈ మెయిలును వారికి పంపవలసి వస్తే దయచేసి జతపరచిన ఫోటోలను తీసివేసి పంపగలరు.

అసలు ధ్రువపత్రం నా దగ్గర భద్రంగా ఉంది. తిరిగి విధుల్లో చేరే రోజున దాన్ని స్వయంగా మీ కార్యాలయంలో అందజేస్తాను. నెల హాజరు పట్టిక 25వ తేదీన జీతాల విభాగానికి వెళుతుంది కనుక అప్పటికి అది మీ చేతిలో ఉంటుంది. అంతకుముందే కావాలంటే ఒక్క మాట తెలియజేయండి, మా తమ్ముడి చేత పంపిస్తాను.

నా పనికి అంతరాయం కలగకుండా కొన్ని ఏర్పాట్లు చేశాను. నవంబరు 14న సరఫరాదారులకు జరగవలసిన చెల్లింపుల జాబితా ఇప్పటికే తయారై విభాగాధిపతి గారి ఆమోదం పొందింది. దాన్ని బ్యాంకుకు పంపడం ఒక్కటే మిగిలింది. ఆ పనిని మా విభాగంలోని జూనియర్ అకౌంటెంట్ గారు చూసుకుంటానన్నారు. బిల్లుల ఫైళ్లు ఉన్న అల్మారా తాళం చెవి శుక్రవారమే వారికి ఇచ్చాను. అక్టోబరు నెల బ్యాంకు ఖాతాల సరిచూపులో రెండు పద్దులు ఇంకా తేలలేదు. వాటి వివరాలు రాసిన కాగితం ఆ సరిచూపు ఫైలులో పైననే ఉంది. అవి బ్యాంకు నుంచి జవాబు వస్తే తప్ప ముందుకు కదలవు, కాబట్టి నేను వచ్చేదాకా ఆగినా ఇబ్బంది లేదు. ఈ కాలంలో ఇంటి నుంచి కూడా పని చేయవద్దని డాక్టరు గారు చెప్పారు. తప్పనిసరి సందేహం ఏదైనా ఉంటే నా ఫోనుకు సందేశం పంపితే వీలు చూసుకుని జవాబిస్తాను.

నవంబరు 21న డాక్టరు గారు నన్ను మళ్లీ పరీక్షిస్తారు. వారు అనుమతిస్తే, విధులకు యోగ్యురాలినన్న ధ్రువపత్రంతో నవంబరు 24 సోమవారం ఉదయం హాజరవుతాను. విశ్రాంతిని పొడిగించవలసి వస్తే ఆ సంగతిని 21వ తేదీ సాయంత్రానికల్లా, కొత్త ధ్రువపత్రంతో, వేరే దరఖాస్తు ద్వారా మీకు తెలియజేస్తాను. అలాంటి దరఖాస్తు అందనంత వరకు నేను 24న వస్తున్నట్టే భావించగలరు.

పై కాలానికి సెలవు మంజూరు చేసి, ఆ విషయాన్ని ఈ మెయిలుకు జవాబుగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

కృతజ్ఞతలతో,

భవదీయురాలు,
మాధవి
సీనియర్ అకౌంటెంట్, అకౌంట్స్ విభాగం
ఉద్యోగి సంఖ్య: 2187

జతపరచినవి: 8-11-2025 నాటి వైద్య ధ్రువపత్రం పూర్తి ఫోటో ఒకటి; అందులో తేదీలున్న వరుసను దగ్గర నుంచి తీసిన ఫోటో ఒకటి.