సిక్కు గురువులు పదిమంది, ఖాల్సా స్థాపన: గ్రూప్-2 రివిజన్ షీట్

పది పేర్లూ వరసగా అప్పజెప్పేవాళ్లకు కూడా ఈ పాఠంలో మార్కు పోతుంది. పేపర్లో అడిగేది ఒట్టి పేరు కాదు, ఆ గురువు కాలంలో ఢిల్లీ గద్దె మీద ఎవరున్నారు, ఏ ఊరు వెలిసింది, ఏ ఏర్పాటు మొదలైంది అన్నది. ఒక్కో పేరుతో ఈ మూడూ కలిపి చదవండి. నానక్‌కు మాత్రం జీవితకాలం ఇచ్చాం, మిగతావారికి గురువుగా ఉన్న కాలం.

1. గురు నానక్ (1469-1539): పుట్టింది తల్వండిలో, నేటి పాకిస్తాన్‌లోని నన్‌కానా సాహిబ్. చివరి కాలం కర్తార్‌పూర్. భక్తులు కలిసి కూర్చునే సంగత్, అందరూ కలిసి తినే లంగర్ ఆయనతోనే మొదలు. బాబర్ దండయాత్ర మీద పద్యాలు చెప్పారు.

2. గురు అంగద్ (1539-52): అసలు పేరు లెహ్నా. ఖడూర్ సాహిబ్. గురుముఖి లిపికి స్థిరరూపం ఇచ్చారు.

3. గురు అమర్‌దాస్ (1552-74): గోయింద్వాల్, 84 మెట్ల బావి. 22 మంజీలు, అంటే ప్రచార కేంద్రాలు. సతిని, పరదాను వ్యతిరేకించారు. అక్బర్ వచ్చి ఈయన్ను కలిశాడంటారు.

4. గురు రామ్‌దాస్ (1574-81): అమర్‌దాస్ అల్లుడు. రామ్‌దాస్‌పూర్ స్థాపకుడు, అదే నేటి అమృత్‌సర్.

5. గురు అర్జన్ (1581-1606): ఎక్కువ ప్రశ్నలు వచ్చేది ఇక్కడే. హర్‌మందిర్ సాహిబ్ నిర్మాణం, 1604లో ఆది గ్రంథ్ సంకలనం. గురువు ప్రతినిధులైన మసంద్‌ల ద్వారా దస్వంధ్ (ఆదాయంలో పదోవంతు) వసూలు పద్ధతిగా సాగింది. తిరుగుబాటు చేసిన తన కొడుకు ఖుస్రోకు అండగా నిలిచారన్న ఆరోపణపై జహంగీర్ ఆయన్ను 1606లో లాహోర్‌లో చంపించాడు. సిక్కు చరిత్ర మలుపు తిరిగింది ఇక్కడ.

6. గురు హర్‌గోబింద్ (1606-44): తండ్రి బలిదానం తర్వాత రెండు కత్తులు ధరించారు. మీరీ లౌకికాధికారం, పీరీ ఆధ్యాత్మికాధికారం. అకాల్ తఖ్త్ నిర్మాణం, గ్వాలియర్ కోటలో నిర్బంధం, తర్వాత కీరత్‌పూర్ నివాసం.

7. గురు హర్‌రాయ్ (1644-61): హర్‌గోబింద్ మనవడు. దారా షికోతో స్నేహం.

8. గురు హర్‌కిషన్ (1661-64): అయిదేళ్ల వయసులో గురువు. ఢిల్లీలో మశూచితో మరణం. బంగ్లా సాహిబ్ గురుద్వారా ఆయన బసచేసిన చోటు.

9. గురు తేగ్ బహదూర్ (1664-75): హర్‌గోబింద్ చిన్న కొడుకు. ఎనిమిదో గురువుకు తాతయ్య వరస! "తొమ్మిదో గురువు ఎనిమిదో గురువు కొడుకు" అని గుడ్డిగా టిక్ పెట్టి తప్పుతుంటారు. 1665లో చక్ నానకీ స్థాపన, తర్వాత అదే ఆనంద్‌పూర్. కశ్మీరీ పండితుల పక్షాన నిలబడ్డారని సిక్కు సంప్రదాయం. 1675లో ఔరంగజేబు ఆజ్ఞతో ఢిల్లీ చాందినీ చౌక్‌లో శిరచ్ఛేదం, అక్కడే సీస్‌గంజ్ గురుద్వారా.

10. గురు గోబింద్ సింగ్ (1675-1708): పట్నాలో పుట్టారు. తొమ్మిదేళ్లకే గురువు.

ఖాల్సా, 1699

ఖాల్సా అంటే అమృత దీక్ష తీసుకున్న సిక్కుల సమాజం. చోటు ఆనంద్‌పూర్, రోజు వైశాఖి. పుస్తకాల్లో మార్చి 30 అని ఉన్నది ఆనాటి పాత క్యాలెండరు లెక్క. ఇప్పుడు వైశాఖి ఏప్రిల్ 13 లేదా 14న వస్తుంది. తేదీ రెండు రకాలుగా కనిపిస్తే కంగారుపడకండి.

క్రమం ఇది. గురువు కత్తి దూసి తల ఇచ్చేవారెవరని అడిగారు. ఒకరి తర్వాత ఒకరుగా అయిదుగురు లేచారు, వారే పంజ్ ప్యారే: దయా రామ్ (లాహోర్), ధరమ్ దాస్ (హస్తినాపూర్), హిమ్మత్ రాయ్ (పూరీ), మొహ్‌కమ్ చంద్ (ద్వారక), సాహిబ్ చంద్ (బీదర్). తర్వాత ఇనుప గిన్నెలో నీళ్లు, బతాసాలు వేసి, బాణీలు, అంటే గురువుల పద్యాలు, చదువుతూ రెండంచుల ఖండాతో కలిపారు. ఆ అమృతం అయిదుగురికీ ఇచ్చి, చివరికి వాళ్ల చేతుల మీదుగా తానూ తీసుకున్నారు. ఈ చివరి మెట్టు వదిలేసి రాస్తే జవాబు సగమే. గురువే శిష్యుల దగ్గర దీక్ష తీసుకోవడంలోనే ఖాల్సా సారం ఉంది. వేర్వేరు కులాలవాళ్లు ఒకే గిన్నెలోంచి తాగారన్నదీ అంతే ముఖ్యం.

పురుషులకు సింగ్, స్త్రీలకు కౌర్. మసంద్‌లు వసూళ్లు సొంతానికి వాడుకోవడంతో ఆ వ్యవస్థ రద్దు.

అయిదు కకారాలు: కేశ్, కంఘా (దువ్వెన), కడా (కడియం), కచ్ఛా (పొట్టి లాగు), కృపాణ్. తలపాగా ఈ అయిదులో లేదు. ఆప్షన్లలో పెట్టి పడగొడతారు.

తారుమారయ్యేవి

ఆది గ్రంథ్ సంకలనం అయిదో గురువుది. అందులో తేగ్ బహదూర్ రచనలు చేర్చింది పదో గురువు. ఆరుగురు గురువుల బాణీలే ఉన్నాయి: మొదటి అయిదుగురు, తొమ్మిదో ఆయన. కబీర్, నామ్‌దేవ్, రవిదాస్, ఫరీద్ రచనలూ ఉన్నాయి.

1708లో నాందేడ్‌లో, తన తర్వాత మనిషి కాదు గ్రంథమే గురువని గోబింద్ సింగ్ ప్రకటించారు. అక్కడిదే హజూర్ సాహిబ్ గురుద్వారా. నాందేడ్, సాహిబ్ చంద్ ఊరైన బీదర్, రెండూ 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనివే.