చెక్కు బౌన్స్ అయ్యిందా, ముందు తారీఖులు చూసుకోండి

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల వ్యాపారాలు చేసేవాళ్లకి చెక్కులు కొత్తేం కాదు. సరుకు ఎత్తుకుని నెల తర్వాత తారీఖు వేసి చెక్కు ఇస్తారు, లేదా ఫైనాన్స్‌లో అప్పు తీసుకుంటూ ప్రోనోటుకి తోడు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు రెండు ఇచ్చేస్తారు. అది కాస్తా బౌన్స్ అయ్యాక పుచ్చుకున్నాయనేమో "స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చి లోపలేయిస్తా" అంటాడు, ఇచ్చినాయనేమో "రేపే పోలీసులు వచ్చేస్తారేమో" అని నిద్ర మానేస్తాడు. రెండూ పొరపాటే. చెక్కు బౌన్స్ కేసు పోలీస్ స్టేషన్లో మొదలవ్వదు, డబ్బు రావాల్సిన మనిషి మేజిస్ట్రేట్ కోర్టులో స్వయంగా ఫిర్యాదు వేస్తేనే మొదలవుతుంది, పైగా అది బెయిలబుల్ నేరం. ఫైనాన్స్ ఏజెంట్లు ఫోన్ చేసి "చెక్కు బౌన్స్ అయింది, సాయంత్రానికి అరెస్టే" అని బెదిరిస్తుంటారు కదా, చట్టంలో అలాంటి దారే లేదు.

నేను ఇక్కడి జిల్లా కోర్టుల్లో ప్రాక్టీస్ చేసే లాయర్ని. ఇది అందరికీ పనికొచ్చే చట్టం సంగతి మాత్రమే, మీ ఒక్కరి కేసుకి ఇచ్చే సలహా కాదు. మీ కాయితాలు చూడకుండా మీ కేసు గురించి ఎవరు ఏం చెప్పినా అది ఊహే. కింద నా ఫోన్ నంబర్ గానీ, ఆఫీసు అడ్రస్ గానీ ఉండదు, ఎందుకంటే లాయర్లు పని కోసం ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ రూల్ చెప్తోంది, ఆ రూలు ఉండాలనే నేను నమ్ముతాను. కష్టంలో ఉన్న మనిషి భయాన్ని చూపించి కేసు పట్టుకోవడం ఈ వృత్తికి తగదు.

ఇక అసలు విషయం. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ 1881 నాటిది, కానీ చెక్కు బౌన్స్‌ని నేరం చేసిన 138వ సెక్షన్ మాత్రం 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఇది వినగానే పుచ్చుకున్నవాళ్లకి ధైర్యం వచ్చేస్తుంది, "చెక్కు నా చేతిలో ఉంది కదా ఇంకేంటి" అనుకుంటారు. అక్కడే చాలామంది నష్టపోతారు, ఎందుకంటే ఈ సెక్షన్ మొత్తం తారీఖుల మీద నడుస్తుంది. అప్పు నిజమే, చెక్కు నిజమే, సంతకమూ నిజమే అయినా ఒక్క గడువు దాటితే కేసు పోవచ్చు.

ఊహించిన తారీఖులతో చెప్తా, ఇది ఎవరి కేసూ కాదు. 2025 జనవరి 10 తారీఖు వేసిన చెక్కు ఒకటి ఉందనుకోండి. చెక్కు మీద వేసిన తారీఖు నుంచి మూడు నెలల్లోపే బ్యాంకులో వెయ్యాలి, ఒకప్పుడు ఆరు నెలలుండేది, 2012 ఏప్రిల్ నుంచి రిజర్వ్ బ్యాంక్ మూడుకి తగ్గించింది, పాత లెక్క గుర్తుపెట్టుకుని కూర్చున్నవాళ్లు ఇంకా కనిపిస్తుంటారు. మార్చి 3న వేశారు, డబ్బుల్లేవని మార్చి 5న బ్యాంకు రిటర్న్ మెమో మీ చేతికొచ్చింది. ఆ కబురు అందిన దగ్గర్నుంచి 30 రోజుల్లోపు, అంటే ఏప్రిల్ 4 లోపు, చెక్కు ఇచ్చినాయనకి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటి మాటగా అడగడం, మధ్యవర్తితో చెప్పించడం దీనికి చాలదు. మీరు మార్చి 20న పంపితే ఆయనకి 24న అందింది. అందాక ఆయనకి కట్టడానికి 15 రోజులు టైముంటుంది, అది ఏప్రిల్ 8తో అయిపోతుంది. ఈ 15 రోజులూ పూర్తవ్వకుండా కేసు వేస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, కాబట్టి తొందరపడినా ప్రమాదమే. అప్పటికీ కట్టకపోతే అక్కడి నుంచి ఒక నెల లోపు ఫిర్యాదు వెయ్యాలి. మే 8 లోపే వేసేస్తే ఈ లెక్క మీద ఎవరూ వాదన పెట్టలేరు. ఆలస్యమైతే సరైన కారణం చూపించి కోర్టుని అడగొచ్చు, కానీ ఒప్పుకోవాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

అందుకే మెమో చేతికొచ్చిన రోజునే దాని వెనకాల ఆ తారీఖు రాసి పెట్టుకోండి. "ఇంకో వారం ఆగు, సర్దేస్తా" అనే మాట మీద ఆగి ఆగి 30 రోజులు దాటించేసుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. ఆగాలనుకుంటే ఆగండి, మొహమాటాలుంటాయి, బంధుత్వాలుంటాయి, కానీ నోటీసు పంపి ఆగండి. ఒకవేళ ఆ 30 రోజులు దాటిపోయినా చెక్కుకి ఇంకా మూడు నెలల గడువుంటే మళ్లీ బ్యాంకులో వెయ్యొచ్చు, మళ్లీ బౌన్స్ అయితే ఆ కొత్త మెమో నుంచి కొత్తగా లెక్క మొదలవుతుంది, దీన్ని సుప్రీంకోర్టు 2012లోనే ఒప్పుకుంది.

నోటీసులో చెక్కు నంబరు, తారీఖు, మొత్తం, ఎందుకు ఇచ్చారో, మెమోలో బ్యాంకు ఏం రాసిందో స్పష్టంగా ఉండాలి, చెక్కు మొత్తాన్నే అడగాలి. వడ్డీ, ఖర్చులు కూడా అడగాలనుకుంటే విడిగా రాయాలి, అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే నోటీసే చెల్లదన్న వాదన వస్తుంది. నోటీసు లాయరే పంపాలని చట్టంలో ఎక్కడా లేదు, మీరే పంపొచ్చు, తప్పుల్లేకుండా ఉండటానికే లాయర్ సాయం. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి రశీదు, డెలివరీ అయినట్టు ప్రింటు దాచుకోండి. అవతలాయన తీసుకోకుండా తిప్పి పంపేసినా, సరైన అడ్రస్‌కి పంపి ఉంటే అందినట్టే కోర్టు అనుకుంటుంది, కాదని చూపించాల్సిన బాధ్యత ఆయనది.

ఇప్పుడు చెక్కు ఇచ్చినవాళ్ల వైపు. మీరు దోషి అని ఇంకా ఎవరూ తేల్చలేదు, ఆ సంగతి గుర్తుంచుకోండి. కానీ సంతకం మీదే అయితే, ఆ చెక్కు అప్పు కింద ఇచ్చిందే అని 139వ సెక్షన్ ప్రకారం కోర్టు ముందే అనుకుంటుంది. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇచ్చి, మిగతాది వాళ్లు నింపుకున్నారు అన్నంత మాత్రాన తప్పించుకోలేరని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఖాతా మూసేశా, స్టాప్ పేమెంట్ పెట్టా అన్నా అంతే, అవి కూడా ఈ సెక్షన్ కిందికే వస్తాయి. ఇది చదివి బెంబేలెత్తిపోవద్దు, ఆ ఊహని తిప్పికొట్టే అవకాశం చట్టమే ఇచ్చింది, 2010లో రంగప్ప కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది. మీ మాట పూర్తిగా రుజువు చెయ్యక్కర్లేదు, నమ్మదగ్గట్టు ఉంటే చాలు. లక్షలు చేబదులిచ్చానంటున్న మనిషికి అప్పట్లో అంత డబ్బు ఎక్కడిది అని అడగొచ్చు, అడిగితే చూపించుకోవాల్సిన బాధ్యత ఆయన మీద పడుతుంది. అప్పులో కొంత తీర్చేసి ఉంటే అది చాలా ముఖ్యం, చెక్కు ఇచ్చాక కొంత కట్టేసిన సంగతి చెక్కు మీద రాయకుండా మొత్తానికీ బ్యాంకులో వేస్తే 138 వర్తించదని 2022లో తీర్పు ఉంది. కాబట్టి కట్టిన ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో కట్టండి, చేతికిస్తే రశీదు అడిగి తీసుకోండి, అప్పు తీరిపోయిన రోజున ఖాళీ చెక్కులూ ప్రోనోటూ వెనక్కి తెచ్చుకోండి. "తర్వాత ఇస్తాలే" అన్నా వినొద్దు.

నోటీసు వస్తే మాత్రం చదవకుండా మూల పడెయ్యొద్దు. బాకీ నిజమైతే ఆ 15 రోజుల్లో చెక్కు మొత్తం కట్టేస్తే నేరమే ఉండదు. బాకీ లేదనుకుంటే ఎందుకు లేదో కాయితాలతో సహా జవాబు రాయండి, ఆ రోజు రాయని సంగతి ఏడాది తర్వాత కోర్టులో మొదటిసారి చెప్తే నమ్మడం కష్టం. సమన్లు వచ్చాక వాయిదాకి వెళ్లండి, వెళ్లకపోతేనే వారెంట్ల దాకా పోతుంది.

"సార్, గెలుస్తామా?" అనేది అందరూ అడిగే ప్రశ్న. గ్యారంటీగా గెలిపిస్తా అని ఏ లాయరైనా అంటే అక్కడ జాగ్రత్తపడండి. సాక్షి ఏం చెప్తాడో, అవతలి వాళ్ల దగ్గర ఏ కాయితం ఉందో, జడ్జిగారు దేన్ని నమ్ముతారో ముందుగా చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. "గెలిస్తే ఇంత శాతం ఇవ్వండి" అని ఫీజు మాట్లాడుకోవడం కూడా మా రూల్స్‌లో నిషేధం. మీ లాయర్‌ని అడగాల్సినవి వేరే ఉన్నాయి: నా కాయితాల్లో లోటు ఏంటి, ఏ గడువు ఎప్పటికి, ఓడితే ఏమవుతుంది, రాజీకి వెళ్తే ఎంత ఖర్చు. వీటికి ఓపిగ్గా జవాబు చెప్పడం మా డ్యూటీ, మొహమాటపడొద్దు.

ఇంకో సంగతి, 138 కేసు గెలిచినా డబ్బు ఆ రోజే చేతికి వస్తుందని అనుకోవద్దు. శిక్ష పడితే అప్పీలు ఉంటుంది. 2018లో చేసిన మార్పు వల్ల, నిందితుడు నేరం ఒప్పుకోకపోతే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకి వచ్చింది, ఇప్పించి తీరాలని లేదు. బాకీ వసూలుకి సివిల్ దావా విడిగా ఉంటుంది, దాని గడువు మామూలుగా మూడేళ్లు, 138 నడుస్తోంది కదా అని దాన్ని మర్చిపోయి గడువు దాటించుకోవద్దు.

రాజీ ఏ దశలోనైనా చేసుకోవచ్చు, 147వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఎంత ఆలస్యమైతే అంత ఖర్చు పెరిగేలా సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు పెట్టింది కాబట్టి మొదట్లోనే చేసుకుంటే మేలు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, అందుకే సంతకం పెట్టే ముందు వాయిదాల తారీఖులు, మొత్తం ఒకటికి రెండుసార్లు చదువుకోండి. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదని ఆగిపోవద్దు. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. వెళ్లేటప్పుడు అసలు చెక్కు, బ్యాంకు మెమో, నోటీసు కాపీ, పోస్టు రశీదు, బాకీ లెక్క రాసిన పుస్తకం వెంట తీసుకెళ్లండి, అసలు కాయితాలు కోర్టుకిచ్చే దాకా ఎవరి చేతికీ వదలొద్దు, జిరాక్సులు మాత్రమే ఇవ్వండి.