వచ్చే నెల నుంచి కొత్త రేట్లు

రోజూ మన హోటల్‌కి వచ్చే అందరికీ నమస్కారం.

1వ తారీఖు నుంచి కొన్ని రేట్లు పెంచుతున్నాం. కౌంటర్ దగ్గర బిల్లు చూశాక తెలిస్తే మీకు బాధగా ఉంటుంది, అందుకే ముందే చెబుతున్నాను.

ఇడ్లీ (3): పాతది ₹35, కొత్తది ₹40
వడ (2): ₹40 నుంచి ₹45
ప్లెయిన్ దోశ: ₹50 నుంచి ₹60
పెసరట్టు ఉప్మా: ₹70 నుంచి ₹80
ఫుల్ మీల్స్: ₹120 నుంచి ₹140

19 కిలోల గ్యాస్ సిలిండర్, నూనె, మినప్పప్పు, వీటికి తోడు షాపు అద్దె, రెండేళ్లుగా అన్నీ మేమే భరిస్తూ వచ్చాం, ఇక మా వల్ల కావట్లేదు. రేటు పెంచకుండా ఏదో ఒకటి తగ్గిద్దామని మొన్నామధ్య చట్నీలో పల్లీలు తగ్గించి పుట్నాలు ఎక్కువ వేసి చూశాం. రోజూ రెండోసారి చట్నీ అడిగే పెద్దాయన ఆ రోజు గిన్నె పక్కకు జరిపి, ఏమీ అనకుండా చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. మనసు చివుక్కుమంది. మర్నాడే మళ్లీ పాత పద్ధతిలోనే రుబ్బించాను.

చిక్కడపల్లి లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఎక్కువగా తినేది ప్లేట్ మీల్స్, అది ₹80కే ఉంటుంది. టీ కూడా ₹15 మాత్రమే, మార్పు లేదు. సాంబార్, చట్నీ ఎప్పటిలాగే అడిగినంత వేస్తాం. నెల మెస్ డబ్బులు ముందే కట్టినవాళ్లకు ఆ నెల పూర్తయ్యేదాకా పాత రేటే.

ఏదైనా అడగాలంటే మధ్యాహ్నం 3 తర్వాత రండి, నేను కౌంటర్‌లోనే ఉంటాను.

మీ హోటల్ ఓనర్
చిక్కడపల్లి, హైదరాబాద్