డాలస్‌కి కొత్తగా వచ్చిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ: స్టీరింగ్ పట్టే ముందు

ఆగస్టులో దిగినవాళ్లు నవంబరు వచ్చేసరికి కారు కొంటారు. ముగ్గురు రూమ్మేట్స్ కలిసి పాత కరోలానో సివిక్‌నో తీసుకుంటారు. "బెంజ్ సర్కిల్లో నడిపినవాళ్లం, ఈ ఖాళీ రోడ్ల మీద ఏముందిలే" అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ ఖాళీ రోడ్డు మీదే తప్పు చేశాను.

ఆదివారం ఉదయం ఆరున్నర. అపార్ట్‌మెంట్ గేటు దాటి ఎడమకి తిరిగాను. రోడ్డు మీద ఒక్క బండి లేదు. నాకు తెలియకుండానే ఎడమ పక్క లేన్‌లో దూరాను. వంద గజాలు పోయానో లేదో, ఎదురుగా రెండు హెడ్‌లైట్లు. పక్కనున్న రూమ్మేట్ "అన్నా, రైట్, రైట్!" అని అరిచాడు కాబట్టి బతికాం. ముందు నాలుగు బండ్లుంటే వాటి వెనకే పోతాం. ఎవరూ లేనప్పుడే ఇంటి అలవాటు బయటికొస్తుంది. పార్కింగ్ నుంచి, పెట్రోల్ బంకు నుంచి బయటికొచ్చే ప్రతిసారీ ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

దీనికి ఒక తేలికైన గుర్తుంది. డ్రైవర్ ఎప్పుడూ రోడ్డు మధ్య వైపు కూర్చోవాలి, పక్క సీటువాళ్లు అంచు వైపు. ఇక్కడ స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది కాబట్టి పసుపు గీత మీ ఎడమ చేతి వైపు కనిపించాలి. పసుపు గీత ఎదురు బండ్లను వేరు చేస్తుంది, తెల్ల గీత ఒకే వైపు పోయే లేన్లను. కుడికి తిరిగితే చిన్న మలుపు, ఎడమకి తిరిగితే పెద్ద మలుపు. మొదటి వారం ఇండికేటర్ బదులు వైపర్లు వేస్తారు, కంగారు పడకండి.

ఇక దారి ఎవరిది అన్న సంగతి. మన దగ్గర కూడలిలో ముందు మూతి దూర్చినవాడిదే దారి. ఇక్కడ నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడళ్లు వీధికొకటి ఉంటాయి. లైటు ఉండదు, పోలీసు ఉండడు. ముందు ఎవరు వచ్చి ఆగితే వాళ్లు ముందు పోతారు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడి పక్కనున్నవారికి దారి ఇవ్వాలి. ఆగడమంటే చక్రం పూర్తిగా ఆగాలి. మెల్లగా దొర్లించుకుంటూ పోతే టికెట్ రాస్తారు. మీ వంతు వచ్చాక మొహమాటపడి నిలబడకండి, మిగతా ముగ్గురికీ ఏం చేయాలో తోచదు. ఎదుటివాళ్లు లైటు కొడితే చాలాసార్లు "మీరు పోండి" అని అర్థం. మనకి అలవాటైన "తప్పుకో" కాదు.

మన ఫ్రీ లెఫ్ట్ లాంటిది ఇక్కడ ఎర్ర లైటు మీద కుడి మలుపు. తేడా ఏమిటంటే, ముందు పూర్తిగా ఆగాలి, నడిచేవాళ్లకీ వచ్చే బండ్లకీ దారివ్వాలి. "నో టర్న్ ఆన్ రెడ్" బోర్డుంటే కదలకూడదు. నాకు ఎక్కువ భయం ఎడమ మలుపంటేనే. బాణం గుర్తు లేని పచ్చ లైటుకి గానీ, మినుకుమనే పసుపు బాణానికి గానీ ఎదురొచ్చేవాళ్లదే ముందు హక్కు. వెనక హారన్ కొట్టినా తొందరపడకండి. రౌండబౌట్‌లో అప్పటికే తిరుగుతున్నవాళ్లకి దారివ్వాలి, వాళ్లు మీ ఎడమ నుంచి వస్తారు.

స్కూలు బస్సు ఎర్ర లైట్లు వెలిగించి ఆగితే వెనకవాళ్లే కాదు, ఎదురుగా వచ్చేవాళ్లూ ఆగాలి. మధ్యలో నిజమైన డివైడర్ ఉంటేనే ఎదురువైపు వాళ్లకి మినహాయింపు. ఉత్త టర్న్ లేన్ ఉంటే లెక్కలోకి రాదు. టెక్సాస్‌లో మొదటిసారికే జరిమానా 500 నుంచి 1,250 డాలర్లు. డబ్బు మాట పక్కన పెట్టండి, ఆ బస్సు ముందు నుంచి పరుగెత్తేది ఆరేళ్ల పిల్లలు.

అంబులెన్స్ సైరన్ వినబడితే కుడి అంచుకి వెళ్లి ఆగండి. పోలీసు లైట్లు మీ వెనకే వెలిగినా అంతే: అంచున ఆపి, చేతులు స్టీరింగ్ మీద పెట్టి, కారులోనే కూర్చోండి. మన దగ్గరలాగా దిగి మాట్లాడటానికి వెళ్లకండి. అద్దం దించండి, అడిగాకే కాగితాలు తీయండి.

ఇంటి నుంచి తెచ్చిన లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డాక 90 రోజుల వరకే పనికొస్తుంది. ఆ లోపు రాతపరీక్ష, డ్రైవింగ్ టెస్ట్ పాసవ్వాలి. ఇన్సూరెన్స్ లేని కారుని ఒక్క రోజు కూడా తీయకండి, స్నేహితుడిదైనా సరే. కారు లేనివాళ్లు కూడా ఒకటి అలవాటు చేసుకోండి: రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకి చూడాలి.

వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి స్టేడియం వెనక పార్కింగ్‌లో నా కారుతో ఉంటాను. నలుగురు రండి. ముందు ఆ ఖాళీ పార్కింగ్‌లో ఎడమ మలుపులు తిప్పిస్తాను, ఆ తర్వాతే రోడ్డు ఎక్కుదాం.