స్వతంత్ర డైరెక్టర్, సలహాదారు: ఔషధ తయారీ, క్వాలిటీ, రిస్క్

బల్క్ డ్రగ్ తయారీలో 29 ఏళ్లు పనిచేశాను. అందులో చివరి 8 ఏళ్లు ఒక లిస్టెడ్ కంపెనీకి చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్‌ని. పాశమైలారం, పరవాడల్లోని 4 యూనిట్లు, 2,100 మంది సిబ్బంది నా బాధ్యతలో ఉండేవి. 2025 మార్చిలో రిటైరయ్యాను. ప్లాంటు నడిపే పని ఇక తీసుకోను. నడిపేవాళ్లను అడగాల్సిన ప్రశ్న అడిగే చోట, అంటే బోర్డులో, కూర్చోవాలని ఉంది.

క్వాలిటీ మీద బోర్డుకొచ్చే స్లైడులో తరచూ పెండింగ్ దిద్దుబాట్ల సంఖ్య ఉంటుంది, అవి ఎన్నాళ్లుగా పెండింగులో ఉన్నాయో ఉండదు. 90 రోజులు దాటినవెన్ని? ఒకే కారణం ఎన్నిసార్లు తిరిగొచ్చింది? స్పెసిఫికేషన్ దాటిన ల్యాబ్ ఫలితాల్లో ‘అనలిస్టు పొరపాటు’ అని కొట్టేసినవెన్ని, అందుకు ఆధారమేమిటి? ఈ మూడో లెక్క పెరుగుతోందంటే లోపం ప్రాసెస్‌లోనే ఉందేమో చూడాలి. యూఎస్ఎఫ్‌డీఏ తనిఖీకి వచ్చినవాళ్లు తవ్వేది అక్కడే. తనిఖీలో దొరికిన లోపాల జాబితా, అంటే ఫారం 483, వచ్చాక జవాబుకు 15 పనిదినాలే ఉంటాయి, అసలు కారణం వెతకడానికి అవి చాలవు.

నా హయాంలో ఒక యూనిట్‌కు 2017లో 7 అబ్జర్వేషన్లు వచ్చాయి. కాగితం మీదున్న ల్యాబ్ రికార్డులను ఆడిట్ ట్రెయిల్ ఉన్న సిస్టమ్‌లోకి మార్చి, క్వాలిటీ హెడ్‌ను ప్రొడక్షన్ కింద నుంచి తప్పించాం. 2019 తనిఖీలో ఒక్కటీ రాలేదు. చైనాలో ఒకే సప్లయర్ మీద ఆధారపడ్డ 14 ముడిపదార్థాల్లో 9 పదార్థాలకు రెండో సప్లయర్‌ను అర్హత పరీక్షలన్నీ చేసి తెచ్చుకున్నాం.

రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీకి ఛైర్మన్‌గా ఉండగలను. ఆడిట్ కమిటీలో సభ్యుడిగా మాత్రమే. నిల్వల విలువ ఎందుకు పెరిగింది, క్యాపిటల్ వర్క్ ఎందుకు కదలడం లేదు అన్నవి ప్లాంటు వైపు నుంచి విడమరచి చెప్పగలను. ఛైర్మన్ కుర్చీకి మాత్రం అకౌంట్స్ తెలిసిన మనిషే కావాలి. ఫార్ములేషన్ల మార్కెటింగ్ నా రంగం కాదు.

డైరెక్టర్ గుర్తింపు సంఖ్య డిన్ ఉంది. ఐఐసీఏ స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంకులో నమోదై, పరీక్ష పాసయ్యాను. కంపెనీల చట్టం 149(6) ప్రకారం పాత కంపెనీ, దాని గ్రూపు బోర్డుల్లో 2028 ఏప్రిల్ దాకా స్వతంత్ర డైరెక్టర్‌గా చేరలేను. ఒకే కంపెనీలో సలహా ఫీజు, స్వతంత్ర డైరెక్టర్ హోదా రెండూ తీసుకోను. చట్టం కొంత పరిమితి దాకా అనుమతించినా, ఫీజు ఇచ్చే మేనేజ్‌మెంటును నిలదీయడం కష్టం.

రెండు బోర్డులు, ఒక సలహా బాధ్యత: అంతకు మించి ఒప్పుకోను. సలహా పనికి నెలకు 3 రోజులిస్తాను, అందులో ఒకటి ప్లాంటులోనే. మధ్యస్థాయి బల్క్ డ్రగ్, ఇంటర్మీడియట్ కంపెనీలకు, తొలిసారి అమెరికా తనిఖీకి సిద్ధమయ్యేవాళ్లకు మొదటి ప్రాధాన్యం. ఉండేది హైదరాబాద్‌లో. ఒప్పుకునే ముందు గత 3 తనిఖీల రిపోర్టులు, వాటికి ఇచ్చిన జవాబులు, డైరెక్టర్ల బీమా పాలసీ చదువుతాను.