మొదటి లేబుల్ మీది మూడు మాటలు

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, కూర్చోండి. వెనక నిలబడ్డ ప్యాకింగ్ వాళ్ళు ముందుకి రండి. ఈ ముందు వరస కుర్చీలు మీకోసమే వేయించాను.

మన పచ్చళ్ళ కంపెనీ మొదలై పదేళ్ళయింది. 2015 మే నెలలో ఒక శనివారం తెల్లవారుజామున బెంగళూరు మడివాళలో బస్సు దగ్గర నిలబడి ఉన్నాను. నూజివీడు నుంచి మా అన్నయ్య రెండు గోనెసంచుల మామిడికాయలు పంపించాడు. ఆటోలో మారతహళ్ళి తెచ్చుకుని, మా రెండు గదుల ఇంట్లో పాత చీర పరిచి, ఒక్కొక్క కాయా తుడిచాం. అమ్మ కత్తిపీట ముందు కూర్చుంది. ముక్క ముక్కకీ టెంక ఉండాలి, లోపల జీడి తీసెయ్యాలి, ఆ పల్చటి పొర కూడా గుడ్డతో తుడిచెయ్యాలి. తడి చేత్తో ముట్టుకోబోతే నా వేళ్ళ మీద ఒక్కటేసింది. గుంటూరు కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు, పప్పునూనె. అంతే. మూడో నాడు జాడీ మూత తీసి తిరగ కలుపుతుంటే వాసన మెట్ల దాకా వెళ్ళింది. పైఅంతస్తులో ఉండే కడప అబ్బాయిలు గిన్నె పట్టుకుని దిగొచ్చారు. మన మొదటి కస్టమర్లు వాళ్ళే.

ఈ కాగితం చూడండి. అంచులన్నీ నూనె పట్టేసింది. మొదటి సీసాలకి నేను చేత్తో రాసి, జిరాక్స్ తీయించి అంటించిన లేబుల్ ఇది. మార్చి నెలలో పాత ఫైళ్ళు సర్దుతుంటే దొరికింది. దీని మీద మూడు మాటలున్నాయి. 'మేం ఇంట్లో తినేదే మీకు ఇస్తాం. ఏం వేశామో దాచం. అయిపోతే అయిపోయిందని చెబుతాం.'

ఇది చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. ఇవాళ మిమ్మల్ని కూర్చోబెట్టింది దీనికోసమే. సన్మానాలు, కేకు తర్వాత చూద్దాం.

రెండేళ్ళ కిందట నువ్వుల ధర బాగా పెరిగింది. అదే సమయంలో పెద్ద ఆర్డర్లు వచ్చాయి. అప్పుడు ఒక మీటింగ్‌లో, నువ్వుల నూనెలో కొంత రైస్ బ్రాన్ నూనె కలిపితే సీసాకి ఇంత మిగులుతుందని లెక్క తెచ్చారు. తెచ్చినవాళ్ళ తప్పు కాదు, వాళ్ళ పని వాళ్ళు చేశారు. సంతకం పెట్టింది నేను. చట్టం ప్రకారం అందులో తప్పేమీ లేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూల్ ప్రకారం ఏ నూనె వాడామో పేరు రాయాలి, దినుసుల్ని ఎక్కువ బరువున్న దాని నుంచి తక్కువ దానికి వరసగా రాయాలి. రాశాం. సీసా వెనకవైపు, బార్‌కోడ్ కింద, కళ్ళజోడు ఉన్నా కనబడనంత చిన్న అక్షరాల్లో రాశాం. ముందువైపు మాత్రం పెద్దగా 'ఇంటి ఆవకాయ' అని ఉంచాం.

ఏం వేశామో దాచం అన్నవాళ్ళం. రాసీ దాచాం.

పోయిన సంక్రాంతికి జయనగర్ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. కస్టమర్ కేర్ అమ్మాయి లైన్ నాకు ఇచ్చింది. ఆవిడ తిట్టలేదు, డబ్బులు వెనక్కి అడగలేదు. 'ఏమ్మా, నూనె మారిందా? వేడన్నంలో కలిపితే ఇదివరకటి వాసన రావట్లేదు' అన్నారు. నేను ఏం చెప్పానో తెలుసా? 'బ్యాచ్ బ్యాచ్‌కీ కొంచెం తేడా ఉంటుందండీ' అన్నాను. మా అమ్మ వయసావిడకి నేను అబద్ధం చెప్పాను. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. మొన్న ఉగాదికి ఆవిడ ఇంటికి వెళ్ళి నిజం చెప్పి వచ్చాను.

మూడో మాట సంగతి. ఆవకాయ ఎండాకాలం పచ్చడి. కాయ ముదిరి, టెంక గట్టిపడి, పులుపు దిగకముందు కొట్టాలి. మొదటి ఏడాది సెప్టెంబరుకే సరుకు అయిపోయింది. 'వచ్చే వేసవికి పంపిస్తాం' అని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాం. ఎవరూ కోప్పడలేదు, చాలామంది పేరు రాసుకోమన్నారు. తర్వాత మనం ఏం చేశాం? ఏడాది పొడవునా ఆన్‌లైన్‌లో 'అవుట్ ఆఫ్ స్టాక్' కనబడకూడదని, ఉప్పునీళ్ళలో డ్రమ్ముల్లో నిలవ పెట్టిన ముక్కలు తెప్పించి డిసెంబరులో కలపడం మొదలుపెట్టాం. ఆ ముక్కలు పాడైనవేమీ కాదు. చాలామంది అలాగే చేస్తారు. కానీ కొరికితే కరకరలాడదు. మన కటింగ్ అక్కలు మొదటిరోజే అన్నారు, 'ఇది మన ముక్క కాదు మేడం' అని. నేను వినలేదు.

ఒక్క విషయంలో మాత్రం మనం తలెత్తుకోవచ్చు. పదేళ్ళలో ఒక్క బ్యాచ్‌లోనూ రంగు వెయ్యలేదు, పాడవకుండా వేసే సోడియం బెంజోయేట్ వెయ్యలేదు. ఉప్పు, నూనె, కాయలోని పులుపు, తడి తగలని చెయ్యి, ఇవే మన పచ్చడిని కాపాడుతున్నాయి. వర్షాకాలంలో కూడా తడి చెయ్యి జాడీ దగ్గరికి రానివ్వని మీ అందరికీ దండం పెడుతున్నాను.

ఇక నిర్ణయాలు. అకౌంట్స్ వాళ్ళతో మూడు వారాలు కూర్చుని తేల్చుకున్నవే.

ఈ సీజన్ నుంచి ఆవకాయలో, మాగాయలో పూర్తిగా నువ్వుల నూనె. అరకిలో సీసా మీద 40 రూపాయలు పెరుగుతుంది. ఎందుకు పెరిగిందో సీసా ముందువైపే రాస్తాం. దినుసులన్నీ కూడా ముందువైపే, తెలుగులో, కన్నడలో, ఇంగ్లీషులో, మా అమ్మ కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్దగా. డిజైన్ టీమ్ తమ్ముళ్ళూ, అందం కొంచెం తగ్గితే తగ్గనివ్వండి. ప్రింట్‌కి వెళ్ళే ముందు అమ్మ చేత చదివించి పంపండి.

డ్రమ్ముల ముక్కలు ఆపేశాం. సరుకు అయిపోతే వెబ్‌సైట్‌లో అయిపోయిందనే రాస్తాం. సేల్స్ వాళ్ళకి దీనివల్ల టెన్షన్ ఉంటుందని నాకు తెలుసు. అందుకే ఈ ఏడాది మీ టార్గెట్లు తగ్గించాం, ఇన్సెంటివ్ తగ్గించలేదు. చలికాలంలో ఉసిరి, పండుమిర్చి పచ్చళ్ళు పెడదాం, వాటి కాలం అది. ఆ నెలల్లో కటింగ్ అక్కల పని దినాలు ఒక్కటీ తగ్గవు. ఈ మాట కాగితం మీద రాసి ఇస్తున్నాను.

ఇంకొకటి. రేపటి నుంచి మన క్యాంటీన్‌లో బయటి పచ్చడి ఉండదు. అమ్మే బ్యాచ్‌లోంచే ఒక సీసా తీసి అక్కడ పెడతాం. నేనూ అక్కడే తింటాను. మీలో ఎవరికైనా తేడా అనిపిస్తే, గేటు దగ్గర సెక్యూరిటీ అన్న అయినా సరే, ఆ బ్యాచ్ లారీ ఎక్కకుండా ఆపమని చెప్పొచ్చు. ఎందుకు ఆపావని ఎవరూ అడగరు. రుచి చూశాకే మాట్లాడతాం.

ఈ కాగితాన్ని పటం కట్టించి నా గదిలో పెట్టుకోమని మావారు అన్నారు. నా గదిలో వద్దు. కలిపే హాల్లో, చేతులు తుడుచుకునే చోట పెట్టిస్తున్నాను.

వంటశాల పక్కన విస్తళ్ళు వేశారు. పదిహేను రోజుల కిందట కలిపిన కొత్తావకాయ జాడీ ఇవాళ మా అమ్మ విప్పుతుంది. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి ఉన్నాయి. మొదటి బంతిలో కాయలు కొట్టిన అక్కలు కూర్చోవాలి, వడ్డించేది మేం. పదండమ్మా, అన్నం చల్లారిపోతుంది.